ఘాట్ రోడ్డు ప్రొఫైల్‌లో వాలు మరీ ఎక్కువ వస్తోంది

“1:50,000 టోపోషీట్ మీద 300 నుంచి 420 మీటర్ల దాకా ఎక్కే రోడ్డుకి ప్రొఫైల్ గీశాను. వాలు 9కి 1 వస్తోంది, సార్ 20కి 1 రావాలంటున్నారు. ఎత్తులన్నీ మళ్లీ చూశాను, సరిగ్గానే ఉన్నాయి.”

తప్పు ఎత్తుల్లో కాదు, దూరంలో. మీరు రెండు చివరలను తిన్నగా కలిపి కొలిచినట్టున్నారు. అది కొండ ప్రొఫైల్ అవుతుంది, రోడ్డుది కాదు.

1. కాగితపు పట్టీ అంచును రోడ్డు మొదట్లో ఆనించి, కాంటూర్ తగిలిన ప్రతిచోటా గీటు పెట్టి ఎత్తు రాయండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: రోడ్డు వంపు తిరిగినచోట పట్టీ అంచు మీద పెన్సిల్ మొన గుచ్చి పట్టుకుని, పట్టీని కొత్త దిక్కుకు తిప్పండి. హెయిర్‌పిన్ దగ్గర చిన్న చిన్న ముక్కలుగా నాలుగైదుసార్లు తిప్పాలి. ఓపిక పట్టండి, ఇక్కడ తొందరపడితే దూరం తగ్గిపోతుంది.

3. ఇప్పుడు పట్టీని గ్రాఫ్ అడుగు గీత మీద పరిచి ఎత్తులు గుర్తించండి. పక్కపక్క గీట్లు రెండూ ఒకే ఎత్తయితే చదునుగా కలపకండి. మధ్యలో రోడ్డు కాస్త లేచిందో దిగిందో మ్యాప్‌లో చూడండి.

తిన్నగా 2.2 సెం.మీ. అంటే 1,100 మీటర్లు; 120 మీటర్ల ఎక్కుడుకు మీ 9కి 1 అలా వచ్చింది. వంపుల వెంట 4.8 సెం.మీ. వస్తే 2,400 మీటర్లు, సరిగ్గా 20కి 1.

కాంటూర్ల మధ్య తేడా 20 మీటర్లు కాబట్టి పట్టీ మీద గీట్ల ఎడం 8 మి.మీ. కన్నా తగ్గినచోట వాలు 20కి 1 దాటినట్టే. నిలువు స్కేలు పెంచి గీస్తాం కాబట్టి గ్రాఫ్ మీద కోణమానినితో మాత్రం వాలు కొలవకండి.