ఒక స్లైడుకు ఒక్క మాట: ఆ మాట ఏదో తేల్చుకోవడమే అసలు పని

ప్రశ్న: ఇంటర్న్‌గా చేరి నెలన్నర అయింది. వచ్చే వారం టీమ్ సమావేశంలో నా పని గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. "ఒక్కో స్లైడులో ఒక్క విషయమే పెట్టు" అని మా మెంటర్ చెప్పారు. చేసిన పనంతా చూపించాలంటే అది ఎలా కుదురుతుంది? అసలు ఆ ఒక్క విషయం ఏదో ఎలా తేల్చుకోవాలి?

జవాబు:

ఇంటర్న్‌గా ఉన్నప్పుడు ఇదే పనిలో నేను ఒకసారి బోల్తాపడ్డాను. రెండు వారాల తర్వాత అదే విషయాన్ని మళ్లీ చెప్పే అవకాశం దొరికింది కాబట్టి, ఆ రెండు సందర్భాలనూ పక్కపక్కన పెట్టి చెబుతాను.

నాకిచ్చిన పని చిన్నదే. మూడు నెలల్లో వచ్చిన 600 ఫిర్యాదులను చూసి, కొన్ని ఎందుకు ఆలస్యంగా పరిష్కారమవుతున్నాయో చెప్పాలి. మొదటిసారి నేను చేసిన ముఖ్యమైన స్లైడుకు "ఫిర్యాదుల విశ్లేషణ" అని శీర్షిక పెట్టాను. ఎడమవైపు ఫిర్యాదుల రకాలను ముక్కలుగా చూపే గుండ్రటి పై చార్టు, కుడివైపు నెలవారీ సంఖ్యల గీత, కింద ఆరు బులెట్లు. ఆలస్యానికి అసలు కారణం ఐదో బులెట్‌లో ఉంది. స్లైడు తెర మీదికి రాగానే మేనేజర్ గారి చూపు పై చార్టులోని పెద్ద ముక్క మీద పడింది. "లాగిన్ ఫిర్యాదులు ఇన్ని ఎందుకు వస్తున్నాయి?" అని అడిగారు. నాకిచ్చిన పది నిమిషాల్లో ఏడు నిమిషాలు ఆ చర్చకే పోయాయి. లాగిన్ ఫిర్యాదులకు ఆలస్యంతో సంబంధమే లేదు, అవి గంటల్లో పరిష్కారమవుతాయి. ఐదో బులెట్ దాకా ఎవరూ రాలేదు.

అప్పుడు తప్పు ఎక్కడుందో నాకు అర్థం కాలేదు. సమాచారం ఎక్కువైందనుకున్నాను. నిజానికి లోపం శీర్షికలో ఉంది. "ఫిర్యాదుల విశ్లేషణ" అన్నది ఒక అంశం పేరు మాత్రమే, అందులో చెప్పే మాట ఏదీ లేదు. అంశం పేరు కింద ఏది పెట్టినా నప్పుతుంది కాబట్టే నేను అన్నీ పెట్టగలిగాను. చూసేవాళ్లకు కూడా దేన్ని చూడాలో తెలియక, కంటికి పెద్దగా కనిపించినదాన్ని పట్టుకున్నారు.

మీ మెంటర్ చెబుతున్న "ఒక్క విషయం" అంటే ఒక పూర్తి వాక్యం. అందులో క్రియ ఉండాలి. విన్నవాళ్లు "అవును" అనో "కాదు, నేను ఒప్పుకోను" అనో అనగలగాలి. ఆ వాక్యాన్నే శీర్షికగా రాసి, కింద దానికి ఆధారమైన చార్టునో బొమ్మనో మాత్రమే ఉంచాలి. ఇది నా సొంత కనుగోలు కాదు. ఇంజినీర్లకు ప్రసంగం నేర్పే మైకేల్ ఆలీ ఈ తరహా స్లైడులనే అసర్షన్–ఎవిడెన్స్ పద్ధతి పేరుతో బోధించారు.

రెండోసారి నేను కంప్యూటర్ తెరవకుండా ముందు కాగితం తీసుకున్నాను. స్నేహితుడికి ఫోనులో చెబుతున్నట్టు, చెప్పాల్సిన కథను వాక్యాలుగా రాశాను. పదకొండు వాక్యాలు వచ్చాయి. ఒక్కోదాని పక్కన "అయితే ఏమిటి?" అని రాసుకుంటూ పోతే చివరికి నాలుగు మిగిలాయి:

ప్రతి నాలుగు ఫిర్యాదుల్లో ఒకటి పరిష్కారానికి రెండు రోజులు దాటుతోంది.
ఆలస్యమైన 150 ఫిర్యాదుల్లో 96 అనుమతి కోసమే ఆగాయి.
ఆ 96లో 70 ఒకే రకం: చిరునామా మార్పు.
చిరునామా మార్పును అనుమతి లేకుండా ఒక నెల పరీక్షించి చూడవచ్చా?

గమనించండి, ప్రతి వాక్యమూ ముందు వాక్యం రేపే ప్రశ్నకు జవాబు. రెండు రోజులు ఎందుకు దాటుతోంది? అనుమతి వల్ల. దేనికి అనుమతి? చిరునామా మార్పుకు. శీర్షికలను మాత్రమే వరుసగా పైకి చదివినప్పుడు కథ ఇలా సాగాలి. ఎక్కడైనా నాలుక తడబడితే అక్కడ ఒక మెట్టు తప్పిపోయిందనో, ఒక స్లైడు దారి తప్పి వచ్చిందనో అర్థం. నెలవారీ గీత నా మొదటి స్లైడులో సగం స్థలం తినేసింది కదా, ఈ వరుసలో దానికి చోటే దొరకలేదు. దాని కోసం నేను ఒక రోజంతా కూర్చున్నాను కాబట్టి తీసేయడానికి మనసు ఒప్పుకోలేదు. అయినా తీసేశాను.

శీర్షిక వాక్యంలో "అలాగే", "తోపాటు", "కూడా" వంటి మాటలు దొర్లితే అనుమానించండి. చాలాసార్లు అక్కడ రెండు స్లైడులు అతుక్కుని ఉంటాయి.

ఇక రెండో స్లైడును ఎలా కట్టానో చెబుతాను, ఎందుకంటే మొత్తం వాదన దాని మీదే నిలబడింది. ఆలస్యమైన 150 ఫిర్యాదులు ఎక్కడ ఆగాయో లెక్క తీస్తే అనుమతి దగ్గర 96, వినియోగదారుడి జవాబు కోసం 31, సాంకేతిక మరమ్మతు కోసం 15, ఇతర కారణాలతో 8 వచ్చాయి. పై చార్టు వదిలేసి అడ్డపట్టీల చార్టు వేశాను, పెద్దది పైన, చిన్నది కింద. పట్టీల పొడవును కన్ను ఇట్టే పోల్చగలదు, పై చార్టు ముక్కల కోణాలను అంత తేలిగ్గా పోల్చలేదు. ఆ తర్వాత చేసినదంతా తీసివేతే. వెనక ఉన్న గళ్ల గీతలు, కింద ఉన్న కొలబద్ద, పక్కన ఉన్న రంగుల సూచిక తొలగించి, సంఖ్యలను పట్టీల చివరే రాశాను. మూడు పట్టీలకు బూడిద రంగు, అనుమతి పట్టీకి మాత్రం ముదురు నీలం. శీర్షికలో "అనుమతి" అన్న మాటకు కూడా అదే నీలం. శీర్షిక చదివిన కన్ను నేరుగా ఆ పట్టీ మీదికి వెళ్తుంది. ఎరుపు, ఆకుపచ్చ జంటగా వాడకండి, ఆ రెండింటినీ వేరుచేసి చూడలేనివాళ్లు ఏ టీమ్‌లోనైనా ఉండవచ్చు.

అక్షరాల సైజు విషయంలో నేను శీర్షికకు 28, మిగతా వాటికి 20కి తగ్గకుండా చూసుకున్నాను. వాక్య శీర్షిక రెండు వరుసలు పట్టవచ్చు, మూడో వరుసకు పోతే వాక్యాన్ని కుదించాలి. పవర్‌పాయింట్‌లో రాస్తున్నకొద్దీ అక్షరాలు వాటంతటవే చిన్నవవుతుంటే సంతోషించకండి. పెట్టెలో పట్టనంత రాశామని అది చెబుతోంది. శీర్షికను విడి టెక్స్ట్ బాక్సులో కాక, టెంప్లేట్ ఇచ్చిన శీర్షిక పెట్టెలోనే రాయండి. అలా రాస్తేనే `Outline View`లో శీర్షికలన్నీ ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి, పైన చెప్పిన వరుస పరీక్ష అక్కడే చేసుకోవచ్చు. తెర మీద తేల్చుకోవడానికి నేను చేసే పని ఒకటుంది: ఆ ప్రాజెక్టు గురించి తెలియని వ్యక్తికి స్లైడును ఐదు సెకన్లు చూపించి మూసేసి, ఏం చూశారో అడుగుతాను. "ఏవో ఫిర్యాదుల గురించి" అంటే స్లైడు ఓడిపోయినట్టే. "అనుమతుల దగ్గర ఆగుతున్నాయట" అంటే చాలు.

ఈ సూత్రాన్ని అతిగా పట్టుకున్నా తప్పే, అదీ నేను చేశాను. మొదటి చిత్తులో అనుమతి అవసరమైన ఫిర్యాదుల సమయం ఒక స్లైడులో, అవసరం లేనివాటి సమయం తర్వాతి స్లైడులో పెట్టాను. చార్టు ఒక్కటే ఉంది కాబట్టి విషయం ఒక్కటే అనుకున్నాను. చిత్తు చూసిన మా మెంటర్ "వెనక్కి వెళ్లండి, ముందుకు రండి" అని నాలుగుసార్లు తిప్పించారు. పైగా రెండు చార్టుల కొలబద్దలూ వేర్వేరు, ఒకటి 5 రోజుల దాకా, మరొకటి 24 గంటల దాకా. పక్కన పెట్టకుండా ఏది పెద్దదో ఎవరికీ తెలియదు. పోలికే మీరు చెప్పే మాట అయితే పోల్చే రెండూ ఒకే స్లైడులో, ఒకే కొలబద్ద మీద ఉండాల్సిందే. లెక్కపెట్టాల్సింది మాటలను, చార్టులను కాదు. చివరికి ఆ పోలిక మా కథకు అవసరం లేదని తేలింది, అది వేరే సంగతి.

ఇంటర్న్‌లకు అసలు భయం ఇంకొకటి ఉంటుంది. వాక్యం రాస్తే దొరికిపోతామేమో అని. "ఫిర్యాదుల విశ్లేషణ" అంటే ఎవరూ తప్పు పట్టలేరు, "అనుమతి కోసమే ఆగాయి" అంటే పట్టగలరు. కాబట్టి ఎంత తెలుసో అంతే రాయండి. నా దగ్గరున్న లెక్కలు ఎక్కడ ఆగాయో చెబుతాయి. ఆ అనుమతి అనవసరమని అవి చెప్పవు. అందుకే మూడు శీర్షికలు నిశ్చయంగా రాసి, నాలుగోదాన్ని ప్రశ్నగా వదిలాను. సమావేశానికి ముందు రోజు ఆ నాలుగు వాక్యాలనూ మెంటర్‌కు పంపాను. స్లైడులన్నీ దిద్దమని అడిగితే తీరిక లేదనేవారేమో, నాలుగు వాక్యాలు కాబట్టి పది నిమిషాల్లో జవాబిచ్చారు.

సమావేశంలో నాలుగో స్లైడు దగ్గర ఒక సీనియర్ అడ్డుపడ్డారు. వస్తువు బయల్దేరాక చిరునామా మార్చి ఎవరో మోసం చేసినప్పుడు ఆ అనుమతి పెట్టారట. నాకు ఆ సంగతి తెలియదు. అయితే ఈసారి చర్చ సరైన చోట జరిగింది. వస్తువు బయల్దేరకముందు వచ్చే మార్పులకు మాత్రం అనుమతి తీసేసి చూద్దామని అక్కడికక్కడే అనుకున్నారు. నా ప్రతిపాదన సగం కొట్టుకుపోయింది, మిగిలిన సగం పట్టాలెక్కింది.

ఒకటి మాత్రం ముందే చెప్పాలి. మీరు మాట్లాడకుండా, మెయిల్‌లో పంపితే చదువుకునే స్లైడులకు ఇంత ఖాళీ పనికిరాదు. అక్కడ కూడా శీర్షిక వాక్యం అలాగే ఉంటుంది, కింద వివరణ రెండు మూడు వాక్యాలు పెరుగుతుంది. ప్రతి వారం ఒకే పట్టిక చూసుకునే సమావేశమైతే పట్టికను పట్టికగానే ఉంచండి, వాళ్లు వచ్చేది అంకెలు వెతుక్కోవడానికే.

చేసిన పనంతా ఎక్కడ చూపించాలన్న మీ దిగులుకు వస్తే, దేన్నీ పారేయక్కర్లేదు. నేను నాలుగు స్లైడుల తర్వాత ఒక ఖాళీ స్లైడు పెట్టి, ఆ వెనక నెలవారీ గీత, ఫిర్యాదుల రకాలు, లెక్క తీసిన పద్ధతి దాచుకున్నాను. ఏది ఎన్నో నంబరు స్లైడో చిన్న కాగితం మీద రాసుకున్నాను. ఒకరు "ఇది పండుగ నెల ప్రభావం కాదు కదా?" అని అడిగారు. ప్రదర్శన ఆపకుండానే `6` నొక్కి `Enter` కొట్టాను. నేను ఒక రోజంతా కూర్చుని గీసిన గీత తెర మీదికి వచ్చింది.