ఎవరు ఫోను చేయనక్కరలేదో ముందు రాయి

బాబూ,

మీ మేనమామ గారి మందుల షాపు కోసం నువ్వు రాసిన వాట్సాప్ ప్రకటన చదివాను. అక్షర దోషాలు లేవు, సంతోషం. కానీ రాత్రి షిఫ్టుకు ఫార్మసిస్టు కావాలని చెప్పడానికి ఇరవై పైచిలుకు పంక్తులు ఎందుకు పట్టాయి? ‘సువర్ణావకాశం’తో మొదలుపెట్టి, షాపు చరిత్ర చెప్పి, ‘ఆకర్షణీయమైన జీతం’ అని రాసి, చివర అందరికీ షేర్ చేయమని ప్రాధేయపడ్డావు. నాకు ఒళ్లు మండింది ఆ జీతం దగ్గరే. అంకె చెప్పని జీతం ఎవరిని ఆకర్షిస్తుంది?

నేను ఈ పని నేర్చుకున్నది ఒక దినపత్రిక క్లాసిఫైడ్ విభాగంలో. పంక్తికి ఇంత అని డబ్బు కట్టించుకునేవాళ్లం కాబట్టి అనవసరమైన మాటను యజమానే కొట్టేసేవాడు. అక్కడ ఒక ఉపసంపాదకుడు ఉండేవాడు. స్థలం చాలనప్పుడల్లా జీతం అంకె తీసేసి ‘అర్హతను బట్టి’ అని పెట్టేవాడు, అది మర్యాదగా ఉంటుందట. మర్నాడు ఫోన్లు మోగేవి, అందరిదీ ఒకటే ప్రశ్న: ఎంతిస్తారు? ఆయన తర్వాత పెద్ద పదవికి వెళ్లాడు. ఆయన మర్యాద మాత్రం నీ ప్రకటనలో ఇంకా బతికే ఉంది.

నా పట్టుదల ఒక్కటే. అత్యవసర ప్రకటన ఉద్యోగం కావలసినవాడి కోసం రాసేది కాదు, దాన్ని అతనికి పంపేవాడి కోసం రాసేది. రిజిస్ట్రేషన్ ఉండి, ఇప్పటికే ఏదో షాపులో పనిచేస్తున్న ఫార్మసిస్టు ఉద్యోగ ప్రకటనల కోసం వెతకడు. అతని సంగతి తెలిసినవాళ్లు వేరే ఉంటారు: రోజూ షాపు షాపు తిరిగే మెడికల్ రిప్రజెంటేటివులు, హోల్‌సేల్ నుంచి ఆర్డర్లు తీసుకోవడానికి వచ్చే కుర్రాళ్లు, అతనితో డి.ఫార్మసీ చదివినవాళ్లు. ఏ షాపులో ఫార్మసిస్టుకూ యజమానికీ పడటం లేదో, ఎవరు గుంటూరు నుంచి రోజూ బస్సులో వచ్చి విసిగిపోయారో వాళ్లకు తెలుసు. అయితే వాళ్లకూ ఒక భయం ఉంటుంది. స్నేహితుడికి పంపాక జీతం చూస్తే సగమే ఉందనుకో, పోయేది పంపినవాడి పరువు. అందుకే ఎంత, ఏ వేళల్లో, ఎక్కడ అనే మూడింటికీ జవాబు కనిపిస్తేనే పంపుతారు. షాపు పేరు లేకపోతే మోసమేమోనని అసలే పంపరు. ఉద్యోగం పేరుతో డబ్బు కట్టించుకునేవాళ్లు అంత పెరిగిపోయారు.

ఇక వద్దనుకున్నవాళ్ల సంగతి. అర్హత లేనివాళ్లను ఆపడానికి ‘అర్హులైనవారు మాత్రమే’ అని రాశావు. అది చదివి తాను అనర్హుడినని ఒప్పుకునేవాడిని నేను ఇంతవరకు చూడలేదు. ఏ అడ్డంకి ఉందో సూటిగా చెప్పాలి. మందుల షాపు లైసెన్సులో ఫార్మసిస్టు పేరు ఉంటుంది. డాక్టరు చీటీ మీద ఇచ్చే మందులు రిజిస్టర్డ్ ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే అమ్మాలి. ఆయన మానేస్తే షాపుకు వచ్చే చిక్కు అదే, మీ మామయ్య తొందర కూడా అందుకే. నిరుడు డి.ఫార్మసీ పాసై, ఫార్మసీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కోసం ఎదురుచూస్తున్న కుర్రాడు ఎంత మంచివాడైనా ఇప్పుడు పనికిరాడు. షాపులో పదేళ్లుగా మందులు అందించిన అనుభవం ఉన్నా, రిజిస్ట్రేషన్ లేకపోతే అంతే. నీ ప్రకటనలో ‘అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం’ అని ఉంది, రిజిస్ట్రేషన్ మాటే లేదు. కౌంటరు దగ్గర పనిచేసేవాళ్లందరూ ఫోను చేస్తారు, తప్పు వాళ్లది కాదు.

ఇంకో రకం ఉంది, దాన్ని నువ్వు ఊహించలేదు. షాపుకు రాకుండా సర్టిఫికెట్ గోడకు తగిలించుకోమని, నెలకు ఇంత ఇవ్వమని బేరమాడేవాళ్లు. ఈ ఊళ్లో మందుల షాపుల వాళ్లను ఎవరినడిగినా చెబుతారు. రాత్రి షిఫ్టు ప్రకటన చూడగానే ముందు ఫోను చేసేది వాళ్లే, ఎందుకంటే రాత్రి తనిఖీకి ఎవరూ రారని వాళ్ల లెక్క. వాళ్లకు ఒక పంక్తి కేటాయించు.

నేనైతే ఇలా రాస్తాను. అంకెలూ వేళలూ మీ మామయ్యతో సరిచూసుకో, నావి ఊహించి పెట్టినవి.

*ఫార్మసిస్టు కావాలి, రాత్రి షిఫ్టు, విజయవాడ సూర్యారావుపేట. జీతం నెలకు 22,000.*
*ఏపీ ఫార్మసీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఇప్పటికే చేతిలో ఉండాలి. డి.ఫార్మసీ, బి.ఫార్మసీ ఏదైనా సరే.*
*రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు షాపులోనే ఉండాలి. వారానికి ఒకరోజు సెలవు.*
*రిజిస్ట్రేషన్ ఇంకా రానివారు, సర్టిఫికెట్ మాత్రమే ఇస్తామనేవారు దయచేసి ఫోను చేయవద్దు.*
*షాపు పేరు, యజమాని పేరు, నంబరు. ఉదయం 11 నుంచి సాయంత్రం 5 లోపు. ఎవరికీ డబ్బు కట్టనక్కరలేదు.*
*ఈ ప్రకటన 2026 మార్చి 14 వరకే.*

మొదటి పంక్తి చూడు. పని, వేళ, చోటు, జీతం అన్నీ అందులోనే. వాట్సాప్‌లో పొడవైన సందేశం సగంలో తెగి ‘మరింత చదవండి’ అని వస్తుంది, ఆ మిగతాది నొక్కి చదివేవాళ్లు తక్కువ. రాత్రి షిఫ్టు కుదరనివాళ్లు అక్కడే ఆగిపోతారు, అదే మనకు కావలసింది. ‘పురుషులకు మాత్రమే’ అన్న నీ మాట తీసేశాను. వేళలు స్పష్టంగా చెప్పాక రావాలో వద్దో వాళ్లే నిర్ణయించుకుంటారు.

తేదీ మీద కాస్త ఆగు. ‘రేపటిలోగా’ అని రాశావు. నాలుగు గ్రూపులు తిరిగి నెల తర్వాత గుడివాడలో ఎవరికో చేరినప్పుడు అది ఏ రేపు? సంవత్సరంతో సహా తేదీ వేయి. ఎక్కువ చేతులు మారిన సందేశాన్ని వాట్సాప్ ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తుందని కూడా గుర్తుంచుకో. అందువల్ల నీకు వచ్చిన ఫార్వర్డును తోయకుండా, రిప్రజెంటేటివులకూ సహాధ్యాయులకూ విడివిడిగా కొత్తగా పంపు. ఆ రంగురంగుల పోస్టరు మానేయి. బొమ్మలోని నంబరును నొక్కితే ఫోను కలవదు, గ్రూపులో ‘ఫార్మసిస్టు’ అని వెతికితే బొమ్మ దొరకదు. ఇప్పుడు ప్రతి షాపు తెరిచినా పోస్టరే, మూసినా పోస్టరే!

గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ యజమాని నాతో ఇలాంటి విషయానికే కొట్లాడాడు. మిర్చి సీజనుకు లెక్కలు రాసే మనిషి కావాలి. సీజను ముగిసేదాకా రాత్రి ఎనిమిదయినా ఇంటికి వెళ్లడం కుదరదని నేను రాశాను. ‘ఇలా బెదిరిస్తే ఎవడొస్తాడయ్యా?’ అన్నాడు. వచ్చినవాళ్లు తక్కువే, కానీ ఏ ఒక్కరూ వేళల గురించి బేరమాడలేదు. అందులోంచి తీసుకున్న మనిషి సీజను చివరిదాకా నిలబడ్డాడు. యజమాని నాకు డబ్బు మాత్రం ఆలస్యంగానే ఇచ్చాడు.

రాతకు ఎంత తీసుకోవాలని, ఇంగ్లిషులో కూడా రాయాలా అని అడిగావు. వాటికి ఇప్పుడు ఓపిక లేదు.

మనిషి దొరికాక, ముందు ఎవరెవరికి పంపావో వాళ్లందరికీ ‘భర్తీ అయింది, ఇక పంపవద్దు’ అని ఒక్క పంక్తి పంపు. లేకపోతే మార్చి నెల దాటినా మీ మామయ్య ఫోను మోగుతూనే ఉంటుంది, తిట్లు నీకే తగులుతాయి. జీతం అంకె ఆయన చేత ఒప్పించి, మార్చిన ప్రతి నాకు పంపు. అంకె లేకుండా పంపితే చదవను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు