జరిమానా అప్పు మొత్తం మీద కాదు, ఆగిన వాయిదా మీదే

ప్రశ్న: మా అమ్మాయి చదువు రుణంలో నేను సహ రుణగ్రహీతను. వడ్డీ 10 శాతం, మిగిలిన అసలు రూ.3,60,000, నెల వాయిదా రూ.7,650. యాసంగి వడ్ల పైసలు ఆలస్యంగా పడడంతో 2025 జూన్ 5న కట్టాల్సిన వాయిదాను జూన్ 28న కట్టాను. బ్యాంకు జరిమానా కింద రూ.453.70, దానిపై జీఎస్టీ రూ.81.67 వేసి, మొత్తం రూ.535.37ను జూన్ 30న అసలులో కలిపింది. మామూలు వడ్డీ కూడా రూ.48.21 ఎక్కువ పడింది. ఒప్పందంలో ‘వాయిదా మీరిన మొత్తంపై ఏడాదికి 2 శాతం’ అని ఉంది. నా లెక్కలో రూ.9.64 మాత్రమే వస్తోంది. మిగిలిన రూ.573.94 తిరిగి ఇవ్వమని లేఖ రాశాను, ఆ లేఖను ఇంకా బ్యాంకుకు ఇవ్వలేదు. నా లెక్క సరైనదేనా?
– ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: అమ్మా, జరిమానా గురించి మీరు వేసిన లెక్క సరైనదే. అయితే తిరిగి ఇవ్వమని అడిగిన మొత్తంలో ఒక భాగం నిలవదు, అడగాల్సిన మరో భాగం మీ లేఖలో లేదు. ఆ రెండూ సరిచేసుకున్నాకే లేఖ ఇవ్వండి, ఎందుకంటే ఒక్క అంకె తప్పుగా ఉన్నా బ్యాంకువారు దానికే జవాబిచ్చి మిగతాదంతా పక్కన పెట్టే అవకాశం ఉంది.

ముందుగా బ్యాంకు ఏ మొత్తంపై లెక్క కట్టిందో వెనక్కి వెళ్లి చూద్దాం. రూ.453.70ను ఆలస్యమైన 23 రోజులతో భాగిస్తే రోజుకు సుమారు రూ.19.73 వస్తుంది, దాన్ని 365తో హెచ్చవేస్తే ఏడాదికి దాదాపు రూ.7,200 అవుతుంది. అది రూ.3,60,000లో సరిగ్గా 2 శాతం. అంటే మీరు ఆపింది ఒక్క వాయిదానే అయినా, బ్యాంకు మిగిలిన అప్పు మొత్తాన్నీ బకాయిగా భావించి జరిమానా వేసింది. ఒప్పందంలో ఉన్నట్టు రూ.7,650పై 2 శాతం చొప్పున 23 రోజులకు లెక్కిస్తే మీరు చెప్పిన రూ.9.64 వస్తుంది.

ఈ విషయంలో మీ పక్షాన ఒప్పందం ఒక్కటే కాదు, రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు 18న ఇచ్చిన ఆదేశం కూడా ఉంది. వాయిదా ఆలస్యమైతే బ్యాంకు ‘జరిమానా వడ్డీ’ అంటూ వడ్డీ రేటుపై అదనపు శాతం చేర్చకూడదని, సహేతుకమైన ‘జరిమానా ఛార్జీ’ మాత్రమే వేయవచ్చని, ఆ ఛార్జీని అసలులో కలిపి దానిపై మళ్లీ వడ్డీ వేయకూడదని అందులో ఉంది. ఆ ఛార్జీని వాయిదా మీరిన మొత్తంపైనే లెక్కించాలని రిజర్వు బ్యాంకు తర్వాత ఇచ్చిన ప్రశ్నోత్తరాల్లో వివరించింది. కొత్త రుణాలకు 2024 ఏప్రిల్ 1 నుంచి, పాత రుణాలకు ఎంత ఆలస్యమైనా అదే ఏడాది జూన్ 30 నాటికి ఈ పద్ధతి అమల్లోకి రావాలి కాబట్టి, మీ రుణం ఎప్పుడు తీసుకున్నదైనా 2025 జూన్ వాయిదాకు ఇది వర్తిస్తుంది.

జీఎస్టీ విషయం ఇంకా తేలిక. ఇలాంటి జరిమానా ఛార్జీలపై జీఎస్టీ ఉండదని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2025 జనవరి 28న సర్క్యులర్ ద్వారా స్పష్టం చేసింది. కనుక రూ.81.67 పూర్తిగా వెనక్కి రావాలి. అయితే ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ తిరిగి వెళ్లినందుకు వేరే రుసుము స్టేట్‌మెంట్‌లో ఉంటే, అది మరో లెక్క, దాన్ని ఈ వాదనలో కలపకండి.

ఇక మీ లేఖలో నిలవని భాగం రూ.48.21. ఇది జరిమానా కాదు. 23 రోజులు బ్యాంకుకు చేరాల్సిన రూ.7,650 మీ దగ్గరే ఉంది, ఆ మొత్తానికి 10 శాతం చొప్పున అన్ని రోజులకు అయ్యే మామూలు వడ్డీయే అది. వాయిదాలో అసలు భాగం తగ్గలేదు గనుక దానిపై వడ్డీ నడుస్తుంది, కట్టని వడ్డీ భాగంపైనా ఒప్పందం ప్రకారం మామూలు వడ్డీ పడవచ్చు, రిజర్వు బ్యాంకు ఆదేశం ఆ పద్ధతిని మార్చలేదు. ఈ మొత్తాన్ని మీరే ఒప్పుకుని రాస్తే, మిగిలిన లెక్కకు బలం వస్తుంది.

మీ లేఖలో లేనిది జూలై వడ్డీ. రూ.535.37ను అసలులో కలిపినందున జూన్ 30 నుంచి జూలై 31 వరకు 31 రోజులకు దానిపై రూ.4.55 వడ్డీ పడి ఉంటుంది. చూడడానికి చిన్న మొత్తమే, కానీ సరిచేయకపోతే రుణం తీరేదాకా ప్రతి నెలా ఉంటుంది. మీరు కట్టవలసిన రూ.9.64ను కూడా అసలులో కలపకూడదు కాబట్టి ఈ రూ.4.55 మొత్తం తిరిగి రావాలి. అందువల్ల మీరు అడగాల్సింది రూ.525.73, దానికి ఈ వడ్డీ కలిపి రూ.530.28. జూలై స్టేట్‌మెంట్‌లో అంకె కొద్దిగా తేడాగా ఉంటే అందులో ఉన్నదే రాయండి.

లేఖను ఇలా మార్చండి:

“బ్రాంచి మేనేజర్ గారికి. మా విద్యా రుణ ఖాతాలో 2025 జూన్ 5 నాటి రూ.7,650 వాయిదాను 23 రోజుల ఆలస్యంతో జూన్ 28న చెల్లించాను. ఆ ఆలస్యానికి రూ.48.21 మామూలు వడ్డీని, ఒప్పందం ప్రకారం రూ.9.64 జరిమానాను అంగీకరిస్తున్నాను. మీరు వేసిన రూ.453.70 జరిమానా వాయిదా మీరిన మొత్తంపై కాక రూ.3,60,000పై లెక్కించినదని కనిపిస్తోంది. దానిపై జీఎస్టీ వేయడం, ఆ మొత్తాన్ని అసలులో కలపడం కూడా ఆదేశాలకు విరుద్ధం. రూ.530.28ను రుణ ఖాతాలో జమ చేసి, సవరించిన స్టేట్‌మెంట్ ఇవ్వగలరు. లెక్క సరైనదని మీరు భావిస్తే, ఏ మొత్తంపై, ఏ షరతు ప్రకారం, ఎన్ని రోజులకు లెక్కించారో రాతపూర్వకంగా తెలపగలరు.”

లేఖకు ఒప్పందంలోని ఆ షరతు ఉన్న పేజీని, జూన్, జూలై స్టేట్‌మెంట్లను జతచేసి, మీ ప్రతిపై తేదీతో ముద్ర వేయించుకోండి. రోజులు లెక్కించేటప్పుడు మీరు డబ్బు పంపిన తేదీని కాదు, రుణ ఖాతాలో జమైన తేదీని చూడండి. జూన్ 29న జమైతే 24 రోజులవుతుంది, అంకెలన్నీ మారతాయి. ఇతర పాఠకుల ఒప్పందాల్లో శాతానికి బదులు ప్రతి ఆలస్యానికి ఒక నిర్ణీత మొత్తం రాసి ఉండవచ్చు, అక్కడ ఈ రోజుల లెక్క పనిచేయదు.

ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయవచ్చు, దానికి రుసుము లేదు. బ్రాంచిలో ముద్ర వేసిన లేఖ ప్రతి అక్కడ తప్పక అవసరమవుతుంది.

ఈలోపు ఆ రూ.530.28ను మీ అంతట మీరే వచ్చే వాయిదాలో తగ్గించి కట్టకండి. అలా చేస్తే ఆ మేరకు మరో వాయిదా మీరినట్టే నమోదై, మళ్లీ జరిమానాకు దారి ఇచ్చినట్టవుతుంది.