జనవరి 26ని మా తాతయ్య స్వాతంత్ర్య దినం అనేవాడు

ప్రశ్న: కొన్ని దేశాలేమో ప్రకటన చేసిన రోజుని, కొన్నేమో ఒప్పందం కుదిరిన రోజుని, ఇంకొన్ని రాజ్యాంగం వచ్చిన రోజుని పండగ చేసుకుంటాయి. ఇలా ఎందుకు? దీనికేమన్నా రూల్ ఉందా?

ఈ ప్రశ్న చూడగానే నాకు బెత్తం దెబ్బలు గుర్తొచ్చాయండి. రెండు, ఎడం చేతి మీద. ఎందుకంటే నేను చిన్నప్పుడు సరిగ్గా ఈ విషయంలోనే దెబ్బలు తిన్నా.

1987 జనవరి. నేను ఎనిమిదో తరగతి, తెనాలి దగ్గర మా ఊరి హైస్కూల్లో. రిపబ్లిక్ డేకి ఉపన్యాసం చెప్పమని తెలుగు మాస్టారు నన్ను పట్టుకున్నారు, నాకు రాయడం రాక ఇంటికెళ్లి తాతయ్యని అడిగితే ఆయన అరుగు మీద కూర్చుని పోస్టుకార్డంత కాగితం మీద టకటకా రాసిచ్చేశాడు. నేను చదువుకోకుండానే జేబులో పెట్టుకుని వెళ్లి, మైకు ముందు నిలబడి, గట్టిగా మొదలుపెట్టా. "ఈరోజు మన స్వాతంత్ర్య దినము." వెనక నుంచి ఒక నవ్వు, తర్వాత వంద నవ్వులు. హెడ్మాస్టరు గారు మైకు లాక్కుని "ఒరేయ్ దద్దమ్మా, ఆగస్టు 15ది ఇప్పుడు చదువుతావేంట్రా" అన్నారు. సర్పంచి గారు కూడా స్టేజీ మీదే ఉన్నారు కాబట్టి అప్పటికి ఊరుకుని, జెండా పని అయ్యాక రూముకి పిలిచి ఆ రెండూ వేశారు.

మర్నాడు తాతయ్య కండువా వేసుకుని స్కూలుకొచ్చాడు. పోట్లాడతాడేమో అనుకుని నేను గోడ పక్కన నక్కి విన్నా. ఆయన అసలు గొంతే పెంచలేదు. "ఏమండీ మాస్టారూ, వాడు చదివింది నేను రాసిందే. నాకు పదేళ్లప్పుడు మా నాన్న నన్ను తెనాలి తీసుకెళ్లి ఒక మామిడితోపులో నిలబెట్టాడు. ఎవరో తెలుగులో ప్రతిజ్ఞ చదివితే అందరం చేతులెత్తాం. ఆరోజు పేరు స్వాతంత్ర్య దినమే. తారీఖు జనవరి 26. ఆ తర్వాత పదిహేడేళ్లు ప్రతి సంవత్సరం ఆ రోజే చేశాం. మధ్యలో మీరు తారీఖు మారిస్తే తప్పు మావాడిదెలా అవుద్ది?"

ఇదే ఈ ప్రశ్నకి నాకు తెలిసిన బెస్ట్ సమాధానం, ఇక మీరు ఆపేసినా పర్లేదు. కానీ తాతయ్య చెప్పిన దాంట్లో ఎంత నిజముందో నేను పెద్దయ్యాక చదివి చూసుకున్నా, అది కూడా చెప్తా.

1929 డిసెంబరులో లాహోరు కాంగ్రెస్ సభలో పూర్ణ స్వరాజ్యం కావాలని తీర్మానం చేశారు. బ్రిటిష్ రాజు కింద ఉంటూనే మన పాలన మనం చేసుకునే డొమీనియన్ హోదా చాల్లే అన్న మాట అక్కడితో పోయింది. డిసెంబరు 31 అర్ధరాత్రి రావి నది ఒడ్డున నెహ్రూ జెండా ఎగరేశాడు. జనవరి 2న వర్కింగ్ కమిటీ కూర్చుని, దేశమంతా ఒకే రోజు ప్రతిజ్ఞ చేయాలి, ఆ రోజు జనవరి 26 అని పెట్టింది. ఎందుకు 26? ఏ మహానుభావుడి జయంతో కాదు, అది ఆ నెల చివరి ఆదివారం, అంతే. జనానికి సెలవుంటది కాబట్టి వస్తారు. నాకు ఇది భలే నచ్చింది, ముహూర్తం అంటే అలా పెట్టాలి. ఇంకో సంగతి, ఆ రోజు ప్రసంగాలు వద్దని ముందే చెప్పారు. ప్రతిజ్ఞ వాళ్లవాళ్ల భాషలో చదవాలి, జనం ఒప్పుకోవాలి, ఇళ్లకి పోవాలి. ఇప్పుడు పిల్లల్ని ఎండలో నిలబెట్టి గంటన్నర ముఖ్య అతిథుల ఉపన్యాసాలు వినిపించే వాళ్లందరికీ ఈ లైను ప్రింటు తీసి ఇవ్వాలి. మా అమ్మాయి స్కూల్లో పోయినేడు ఒక పిల్ల కళ్లు తిరిగి పడిపోయింది, ముఖ్య అతిథి మాత్రం ఇంకా ఝాన్సీ లక్ష్మీబాయి దగ్గరే ఉన్నాడు.

సరే. జనవరి 26 మనం ఎంచుకున్న రోజు. ఆగస్టు 15 మౌంట్‌బాటన్ ఎంచుకున్న రోజు. మొదట లండన్ చెప్పింది 1948 జూన్ లోపల వదిలేస్తాం అని. ఈయన వచ్చి తొందరపెట్టి 1947 ఆగస్టు 15 అన్నాడు, ఆ తారీఖే ఎందుకంటే జపాన్ లొంగిపోయి సరిగ్గా రెండేళ్లు అవుద్ది కాబట్టి అని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. అంటే మన స్వాతంత్ర్య దినం వాళ్ల యుద్ధం గెలుపు గుర్తు! బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది, జులై 18న రాజు సంతకం పడింది, ఆగస్టు 15 నుంచి ఇండియా, పాకిస్తాన్ అని రెండు డొమీనియన్లు ఉంటాయి అని అందులో రాసుంది. డొమీనియన్ అనే మాట మళ్లీ చదవండి. 1929లో వద్దని తీర్మానం చేసిందే 1947లో చేతికొచ్చింది. తర్వాత రెండున్నరేళ్లు కాగితం మీద మనకి రాజు ఆరో జార్జే. గవర్నర్ జనరల్ ఉన్నాడు, ముందు మౌంట్‌బాటన్, తర్వాత రాజాజీ. మార్కెట్లో చిల్లర నాణేల మీద కూడా జార్జి తలకాయే, మన సొంత నాణేలు 1950లో గానీ రాలేదు.

ఇక్కడ మా నాయనమ్మ వాదన కూడా చెప్పకపోతే పాపం. ఆవిడ అనేది, "నీ కాగితాలు నువ్వు చదువుకో, తెల్లోడి పోలీసు పోయి మన పోలీసు వచ్చింది ఆగస్టు 15నే గదా" అని. కరెక్టే. అధికారం నిజంగా చేతులు మారింది ఆ రోజే, అందుకే సామాన్య జనానికి ఆ తారీఖు నిలబడిపోయింది. తాతయ్యకి దీనికి సమాధానం ఉండేది కాదు, పొగాకు నలుపుకుంటూ కూర్చునేవాడు.

ఆయన జవాబు ఏంటో నాకు రాజ్యాంగం చివర్లో దొరికింది. 1949 నవంబరు 26న రాజ్యాంగం ఆమోదించారు, ప్రవేశికలో ఉన్న తారీఖు అదే. మరి రెండు నెలలు ఎందుకు ఆగారు? పౌరసత్వం, ఎన్నికలు లాంటి కొన్ని ఆర్టికల్స్ నవంబరు 26నే అమల్లోకి వచ్చాయి, మిగతావన్నీ 1950 జనవరి 26న వస్తాయి అని ఆర్టికల్ 394లో రాశారు. పాత స్వాతంత్ర్య దినం వృథా పోకుండా ఇక్కడ వాడుకున్నారన్నమాట. ఇక దాని తర్వాత ఆఖరి ఆర్టికల్, 395. నాలుగు లైన్లు కూడా ఉండదు. ఆ పాటికి ఎవరూ చదవరు, పరీక్షల్లో కూడా అడగరు. అందులో ఏముందంటే, 1935 భారత ప్రభుత్వ చట్టంతో పాటు 1947 ఇండియన్ ఇండిపెండెన్స్ యాక్టు రద్దు. మనకి స్వాతంత్ర్యం ఇచ్చామని వాళ్లు చెప్పుకునే చట్టాన్నే మనం కొట్టేశాం!

అది పొగరు కాదు, లెక్క. స్వాతంత్ర్యం వాళ్ల పార్లమెంటు చట్టంలోంచి వచ్చిందంటే మన రాజ్యాంగానికి వేరు లండన్‌లో ఉన్నట్టు. చట్టం ఇచ్చిన పార్లమెంటు రేపు ఇంకో చట్టంతో వెనక్కి తీసుకోవచ్చు అని ఏ లాయరైనా వాదించొచ్చు, జరిగే పని కాకపోయినా. అందుకని రాజ్యాంగాన్ని రాజు సంతకానికి పంపలేదు, "భారత ప్రజలమైన మేము" మాకు మేమే ఇచ్చుకుంటున్నాం అని రాసుకుని, ఆ పాత తాడు 395తో తెంపేశారు. 1950 జనవరి 26 పొద్దున 10:18కి రాజాజీ రిపబ్లిక్ ప్రకటన చదివాడు, కాసేపటికి రాజేంద్రప్రసాద్ ప్రమాణం చేశాడు. ఆ క్షణానికి రాజు లేడు. నాలాంటి వాడి లెక్కలో తాతయ్య స్వాతంత్ర్య దినం అప్పుడు పూర్తయింది.

ఒప్పందం సంగతి అడిగారు కదా, దానికి అమెరికా చూడండి. అక్కడున్న మన తెలుగువాళ్లు సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి జులై 4, 1776 అని బట్టీ పడతారు. నిజానికి విడిపోవాలని ఓటేసింది జులై 2న, 4న ఆమోదించింది ప్రకటన పాఠాన్ని, ఎక్కువ సంతకాలు పడింది ఆగస్టు 2న. ఇంగ్లండు ఒప్పుకుంది 1783 సెప్టెంబరు 3 పారిస్ ఒప్పందంలో. మధ్యలో ఏడేళ్లు. ఇది ఉత్త పండగ గొడవ కాదు, ఆస్తి గొడవ కూడా. 1830లో అమెరికా సుప్రీంకోర్టుకి ఇంగ్లిస్ అనే ఆయన కేసు వచ్చింది. న్యూయార్కులో చనిపోయిన ఒక బంధువు ముసలి నావికుల ఆశ్రమానికి రాసిపోయిన భూమి తనకి రావాలన్నాడు. అప్పట్లో విదేశీయుడికి భూమి వారసత్వంగా రాదు. ఇంగ్లిస్ పుట్టింది న్యూయార్కులో, సరిగ్గా ఆ గందరగోళం రోజుల్లో. కోర్టు ఏమందంటే, 1776 జులై 4కి ముందు పుట్టుంటే బ్రిటిష్, జులై 4 తర్వాత, సెప్టెంబరు 15న ఇంగ్లీషు సైన్యం ఊరు పట్టుకునే లోపల పుట్టుంటే పుట్టుకతో అమెరికన్ గానీ తండ్రి బ్రిటిష్ వైపు ఉండి, పెద్దయ్యాక తను కాదనలేదు కాబట్టి చివరికి బ్రిటిషే, ఆ తర్వాత పుట్టుంటే మళ్లీ బ్రిటిష్. రెండు నెలల పదిరోజుల కిటికీ! అదే తీర్పులో ఇంకో మాట, అమెరికా లెక్కలో దేశం పుట్టింది 1776లో, ఇంగ్లీషు కోర్టుల లెక్కలో 1783లో అని. చివరికి భూమి నావికుల ఆశ్రమానికే ఉండిపోయింది.

చాలామంది ఒప్పందం రోజుని ఎందుకు పండగ చేసుకోరో దీన్నిబట్టే అర్థమవుద్ది. ఒప్పందంలో ఎదుటివాడి సంతకం ఉండాలి. అది "ఇచ్చాం" అనే కాగితం. ప్రకటనకి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, అందుకే గెలిచినవాడు వెనక్కెళ్లి దాన్నే పుట్టినరోజు చేసుకుంటాడు. ఓడిపోయుంటే అదే కాగితం రాజద్రోహం కేసులో సాక్ష్యం అయ్యేది. రూలంటే నాకు కనపడేది ఇదొక్కటే, ప్రొఫెసర్లు ఒప్పుకోకపోతే వాళ్లిష్టం.

తారీఖు మీద అందరూ ఒప్పుకున్నా పేరు మీద కొట్టుకోవచ్చు, అది వేరే జబ్బు. మా ఆవిడది వరంగల్. 1947 ఆగస్టు 15న వాళ్ల ఊళ్లో నిజాం రాజ్యమే, 1948 సెప్టెంబరు 17న గానీ లొంగలేదు. ఇప్పుడు అదే రోజుని ఒకరు విమోచన అంటారు, ఒకరు సమైక్యత అంటారు, 2024లో రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంది. మా మామగారిని అడిగితే "సెలవైతే ఉంది గదా బిడ్డా" అంటాడు.

మా హెడ్మాస్టరు గారు మంచాయనే, సారీ చెప్పలేదు గానీ 1988 జనవరి 26కి తాతయ్యనే ముఖ్య అతిథిగా పిలిచారు. తాతయ్య మైకు దగ్గరికెళ్లి, మేం ఉపన్యాసం కోసం చూస్తుంటే, 1930లో విన్న ప్రతిజ్ఞ గుర్తున్నంత వరకు చెప్పి, మా అందరి చేత చేతులెత్తించి, దిగిపోయాడు. మొత్తం మూడు నిమిషాలు. ఆ ఏడాది చాక్లెట్లు ఎనిమిదిన్నరకే పంచేశారు.