తమిళ 'కంబి' తీగా, చువ్వా?

"నేను తెలుగులోకి మారుస్తున్న తమిళ సారాంశంలో 'ఉత్తిరత్తిన్ అడియిల్ 12 మి.మీ. కంబిగళ్' అని ఉంది. 'ఉత్తరం అడుగున 12 మి.మీ. తీగలు' అని రాస్తే అర్థం పొసగడం లేదు. నేను గుణుపూర్‌లో ఉంటాను, ఇక్కడ అడగడానికి తమిళులు లేరు."

'ఉత్తిరం' మన ఉత్తరం కాదండి, కప్పు బరువు మోసే దూలం. అసలు చిక్కు 'కంబి'తోనే వస్తుంది: తమిళంలో తీగకూ, కాంక్రీటులో వేసే ఇనుప చువ్వకూ అదే మాట కాబట్టి, పక్కనున్న కొలతను చూసి తేల్చుకోవాలి. ఇళ్లలో వాడే విద్యుత్ తీగను సాధారణంగా 2.5 చదరపు మి.మీ. వంటి కోత వైశాల్యంతో చెబుతారు. ఇక్కడి 12 మి.మీ. వ్యాసం, అంటే చువ్వ. రెండు చివర్లా ఆనించిన దూలం మీద బరువు పడితే సాగుడు అడుగునే వస్తుంది కనుక, చువ్వలు అక్కడ ఉండడమూ సరిపోతుంది. 'దూలం అడుగుభాగంలో 12 మి.మీ. చువ్వలు' అని దిద్దండి.

'కట్టుక్కంబి' అని వస్తే మాత్రం అది చువ్వలను ముడివేసే సన్నని తీగ. మా పర్లాకిమిడి మేస్త్రీలు బైండింగ్ వైరు అనేది దానినే.