వోలటైల్ పెట్టినా లాక్ ముందే పిన్ అడుగుతుంది

"సార్, మాది గుంటూరు, ఈసీఈ ఫైనలియర్. విజయవాడలో ఇంటర్వ్యూకి వెళ్తే, ఇంటరప్ట్‌లో మారే వేరియబుల్‌ని మెయిన్ లూప్‌లో ఎలా చదువుతారని అడిగారు. వోలటైల్ పెడతానన్నాను. 'అంతేనా?' అని ఇంకో ప్రశ్నకి వెళ్లిపోయారు. తప్పెక్కడ?"

సగం చెప్పి ఆగిపోయారు. నాకు వచ్చే ఉత్తరాల్లో చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారు, ఎందుకంటే కోచింగ్ నోట్సుల్లో ఆ ఒక్క లైనే ఉంటుంది. పాత కాపీని నమ్ముకోకుండా ప్రతిసారీ మెమరీలోంచి చదవమని కంపైలర్‌కి చెప్పడం వరకే వోలటైల్ పని. చదువుతుండగా మధ్యలో ఇంటరప్ట్ వస్తే అది అడ్డుకోదు.

తలుపుకి పెట్టే కీప్యాడ్ లాక్ తీసుకోండి. లోపల 8-బిట్ ఏవీఆర్ చిప్, మిల్లీసెకనుకి ఒకటి పెరిగే 32-బిట్ `ticks`. తప్పు పిన్‌లు కొడితే 60 సెకన్లు మొరాయించాలి. అది `ticks` 60000 దగ్గర మొదలైందనుకోండి. చిప్ ఒకసారికి ఒక బైటే చదవగలదు కాబట్టి నాలుగు సార్లు చదవాలి. విలువ 0x0000FFFF ఉన్నప్పుడు కింది రెండు బైట్లు, FF FF, చదివేసింది. సరిగ్గా అప్పుడే టైమర్ ఇంటరప్ట్ వచ్చి విలువని 0x00010000 చేసింది. మిగతా రెండు బైట్లు కొత్త విలువలోంచి వచ్చాయి. చేతికొచ్చింది 0x0001FFFF, అంటే 131071. అందులోంచి 60000 తీసేస్తే 71 సెకన్లు అయిపోయినట్టు లెక్క. నిజానికి అయింది ఐదున్నర సెకన్లు! లాక్ మళ్లీ పిన్ అడుగుతుంది, దొంగకి ఇంకో విడత ప్రయత్నాలు దొరుకుతాయి. నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే, ఎందుకంటే ఇది ఎప్పుడో ఒకసారి జరుగుతుంది, టెస్టింగ్‌లో పట్టుబడదు, అమ్మేశాక ఫర్మ్‌వేర్ మార్చే దారి కూడా లేని లాకులు ఇళ్ల తలుపులకి ఎక్కేస్తున్నాయి.

చదివే ఆ కాసేపు ఇంటరప్టులు ఆపాలి:

```c
uint32_t now(void) {
    uint8_t s = SREG;
    cli();
    uint32_t t = ticks;
    SREG = s;
    return t;
}
```

చివర `sei()` అని రాసేస్తారు చాలామంది. అప్పటికే ఇంటరప్టులు ఆపిన చోటు నుంచి ఈ ఫంక్షన్‌ని పిలిస్తే, వాళ్లకి తెలియకుండా మీరు ఆన్ చేసేసినట్టే. అందుకే పాత స్థితిని దాచి తిరిగి పెట్టాలి. మరి టైమింగ్ దెబ్బతినదా అని అడుగుతారు. ఆగేది కొన్ని సైకిళ్లే, 16 మెగాహెర్ట్జ్ దగ్గర మైక్రోసెకను అటూ ఇటూ. ఆ మధ్యలో ప్రింట్‌లాంటి పని పెట్టి ఒక మిల్లీసెకను దాటించారో, టిక్కులు పోతాయి, ఎందుకంటే ఫ్లాగ్ ఒక్క టిక్‌నే గుర్తుపెట్టుకుంటుంది.

32-బిట్ కార్టెక్స్-ఎమ్ బోర్డు మీద ఇదే కోడ్ `SREG`, `cli` లైన్లు లేకుండానే సరిగ్గా నడుస్తుంది, అక్కడ 32 బిట్లూ ఒకేసారి వస్తాయి కాబట్టి. `ticks`ని 64-బిట్ చేస్తే అక్కడా ఇదే తంటా. మీరే చూడాలంటే 8-బిట్ బోర్డు మీద `cli` తీసేసి, లూప్‌లో ఆపకుండా చదువుతూ, కొత్త విలువ పాతదానికన్నా తగ్గినా, ఒక్కసారిగా 100కి మించి పెరిగినా ఎల్ఈడీ వెలిగించండి. ఒకసారి వెలిగాక ఆరిపోకుండా ఉంచి, బోర్డుని రాత్రంతా వదిలేయండి.