రేట్ల లిస్టు అడిగే ఉత్తరంలో పాత బాకీ ప్రస్తావన ఎందుకు?

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో మాది చిన్న ఎలక్ట్రికల్ షాపు. పన్నెండేళ్లుగా విజయవాడ హోల్‌సేల్ డీలరు దగ్గరే సరుకు తెస్తున్నాను. సొంత అన్నలా చూసుకున్నాను. కాయిల్ 1,900 చొప్పున 40 వైరు కాయిళ్లు కావాలని వాట్సాప్‌లో పెడితే ‘సరే, సోమవారం పంపుతా’ అన్నారు. రాగి ధర పెరిగిందంటూ 2,090 చొప్పున బిల్లు వేశారు. సరుకు దించుకుని చెక్కు ఇచ్చేశాను. ఇప్పుడు ‘2023 నవంబరు బిల్లు తాలూకు బాకీ రూ.48,500 త్వరలో సర్దుతాను, పెరిగిన ధరల ప్రకారం కొత్త రేట్ల లిస్టు పంపగలరు’ అని ఉత్తరం రాశాను. ఆ పాత బిల్లులో ఐదు కాయిళ్లు దెబ్బతిన్నవి వచ్చాయి, వాటి సొమ్ము తగ్గించలేదు. ఉత్తరం పంపొచ్చా? చెక్కు ఆపేయమని మా బావమరిది అంటున్నాడు.

జవాబు: పంపకండి. పన్నెండేళ్ల స్నేహం సంగతి కోర్టుకు అక్కర్లేదు. 1,900 అని రాసిన మీ మెసేజీకి ఆయన ‘సరే’ అన్నారా లేదా అన్నదే ఈ వ్యవహారాన్ని తేల్చే అంశం. అన్నారు కాబట్టి ఆ రేటుకు ఒప్పందం కుదిరినట్టే. మధ్యలో పన్ను మారితే ధర సవరించుకోవడానికి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 64ఏ వీలిస్తుంది. రాగి ధర పెరగడానికి అది వర్తించదు. ఒక్క మెలిక మాత్రం చూసుకోండి. ఆయన పాత లిస్టు అడుగున ‘సరుకు పంపిన రోజు రేటే వర్తిస్తుంది’ అని ఉందేమో వెతకండి. ఉంటే మీ వాదన బలం తగ్గుతుంది.

బిల్లు చదవకుండా సరుకు దించుకుని చెక్కు ఇవ్వడం మీ అజాగ్రత్తే. ‘సరుకు అందింది’ అని పెట్టిన సంతకం రేటుకు ఒప్పుదల కాదు. కానీ నెలల తరబడి మౌనంగా ఉంటే, కొత్త రేటుకు ఒప్పుకున్నారనడానికి ఆ మౌనాన్నే ఆయన వాడుకుంటారు.

ఇక మీ ఉత్తరం. ‘పెరిగిన ధరల ప్రకారం’ అన్న మాట, ఈ 40 కాయిళ్లకూ మీరు కొత్త రేటు ఒప్పుకున్నారని వాదించే వీలిస్తుంది. అంతకన్నా ప్రమాదం బాకీ వాక్యం. బిల్లులో అప్పు గడువేదీ రాయకపోతే, సరుకు అందిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. ఆ లెక్కన పాత బిల్లు గడువు 2026 నవంబరుతో తీరుతుంది. అంతకుముందే మీరు సంతకంతో బాకీ ఒప్పుకుంటే, లిమిటేషన్ చట్టం సెక్షన్ 18 కింద ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. గడువు తీరాక ఇస్తానని రాసి సంతకం చేసినా, ఆ మాట మీద దావా వేయొచ్చు. నిజంగా ఇవ్వాల్సింది ఎగ్గొట్టమని నేను చెప్పడం లేదు. ఐదు కాయిళ్ల సొమ్ము తేలకుండా మొత్తం 48,500 అని మీ చేత్తో ఎందుకు రాసివ్వాలి? ఇకపై ఎన్‌ఈఎఫ్‌టీ చేసేటప్పుడు కూడా ఏ బిల్లుకో నంబరు రాయండి. రాయకపోతే ఆయన పాత బాకీకి జమ కట్టుకోవచ్చు.

చెక్కు మాత్రం ఆపకండి. ‘స్టాప్ పేమెంట్’ అని తిరిగొచ్చినా నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద చెక్ బౌన్స్ కేసు పడుతుంది. నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే, సివిల్‌గా తేలాల్సిన తగాదాలో మీరు క్రిమినల్ కోర్టులో ముద్దాయిగా నిలబడతారు. తేడా ఎంతో చూడండి: కాయిల్‌కు 190 చొప్పున 7,600, దాని మీద 18 శాతం జీఎస్టీ 1,368, మొత్తం రూ.8,968. దీని కోసం 98,648 రూపాయల చెక్కును బౌన్స్ చేసుకుంటారా?

చెక్కు బ్యాంకులో పడకముందే ఈ మాటలతో ఉత్తరం పంపండి:

‘ఫలానా తేదీ ఆర్డరులో 40 కాయిళ్లకు ఒక్కోటి రూ.1,900 చొప్పున మీరు అంగీకరించారు. బిల్లు నంబరు ఫలానాలో రూ.2,090 వేశారు. తేడా రూ.8,968కి క్రెడిట్ నోటు ఇవ్వగలరు. చెక్కు పాస్ కావడం ఆ రేటుకు నా అంగీకారం కాదు. ఇకపై ఇచ్చే ఆర్డర్ల కోసం, ఏ తేదీ నుంచి అమలో, జీఎస్టీ కలిపో విడిగానో తెలిపే కొత్త రేట్ల లిస్టు పంపగలరు.’

బాకీ మాట ఇందులో రానివ్వకండి. డెలివరీ రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపి, అదే కాపీ వాట్సాప్‌లోనూ పెట్టండి. వాట్సాప్ చాట్ చెరపకండి, ఆ ఫోన్ మార్చకండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. కోర్టులో భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి.

క్రెడిట్ నోటు వస్తే, మీరు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌లో 1,368 వెనక్కి కట్టాలి. బిల్లు పడిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దాటితే ఆయన ఈ పన్ను తగ్గించుకోలేరు. ఆ సాకు చెప్పే అవకాశం ఇవ్వకుండా ఇప్పుడే అడగండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే లాయరు నోటీసు ఇప్పించండి. అప్పటికీ కదలకపోతే గుంటూరు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దావాకు ముందే లోక్ అదాలత్ కోసం అర్జీ పెట్టండి. ఐదు కాయిళ్ల లెక్క కూడా అక్కడే తేల్చుకోవచ్చు.